ముందు మూడు వీడియోలు, ఆ తర్వాతే షోరీల్

ఎడిటింగ్ కొత్తగా నేర్చుకున్నవాళ్లు క్లయింట్లకు పంపే షోరీళ్లలో చాలావాటిది ఒకటే పోకడ. మొదట పేరు మెరుస్తూ గిరగిరా తిరిగి నిలబడుతుంది. ఆపైన ఒక డ్రోన్ షాట్, పెళ్లికూతురు కళ్లెత్తే స్లోమోషన్, బైకు, వాన, మళ్లీ డ్రోన్. వెనకాల హుషారైన సినిమా పాట, బీట్ పడ్డ చోటల్లా ఒక కట్. నిమిషన్నర బాగానే గడిచిపోతుంది. కానీ అది చూసిన పచ్చళ్ల వ్యాపారికో, యూట్యూబ్‌లో ఆరోగ్య సలహాలు చెప్పే డాక్టరుకో తమకు కావలసిన సంగతి ఒక్కటీ తెలియదు. నేను అరగంట మాట్లాడితే ఇతను అందులో ఏది ఉంచుతాడు, ఏది తీసేస్తాడు? నా గొంతు స్పష్టంగా వినిపిస్తుందా? తెలుగు అక్షరాలు తప్పుల్లేకుండా పడతాయా? డబ్బులిచ్చేవాళ్లకు ఉండే ప్రశ్నలు ఇవే. వీటికి ఆ రీల్‌లో జవాబు లేదు.

ఒకప్పుడు మద్రాసులో, తర్వాత హైదరాబాదులో సినిమా ఎడిటింగ్ గదుల్లో పని నేర్చుకున్నవాళ్లకు ఇలాంటి చిక్కు లేదు. అసిస్టెంటుగా చేరి కొన్నేళ్లు పనిచేస్తే, ‘కుర్రాడు బాగా కట్ చేస్తాడు’ అని సీనియర్ ఎడిటర్ చెప్పే ఒక్క మాటే వాళ్లకు పోర్ట్‌ఫోలియో. ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని పని నేర్చుకున్నవాడి గురించి ఆ మాట చెప్పేవాళ్లు లేరు. కాబట్టి చేసిన పనే మాట్లాడాలి. అలా మాట్లాడాలంటే ముక్కలుగా కాదు, మొదలూ చివరా ఉన్న పూర్తి వీడియోగా కనిపించాలి. అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, షోరీల్ చివర్లో చేయాల్సిన పని. ముందు మూడు పూర్తి వీడియోలు తయారవ్వాలి.

క్లయింట్లే లేనప్పుడు వీడియోలు ఎక్కడినుంచి వస్తాయంటే, మనమే తీసుకోవాలి. పెక్సెల్స్, పిక్సాబే లాంటి చోట్ల ఉచితంగా దొరికే క్లిప్పులు కట్టింగ్ సాధనకు పనికొస్తాయి. పోర్ట్‌ఫోలియోకు మాత్రం బలహీనం. అవన్నీ ఎవరో ఏరి, చక్కగా రంగు దిద్ది పెట్టినవి. అందులో దాచాల్సిన లోపం ఉండదు, తీసేయాల్సిన మాట ఉండదు. ఎడిటర్ నైపుణ్యం బయటపడేది అడ్డదిడ్డంగా వచ్చిన ఫుటేజ్‌ని దారిలో పెట్టినప్పుడే. సినిమా ట్రైలర్‌ని మళ్లీ కట్ చేసి పెట్టేవాళ్లదీ ఇదే ఇబ్బంది. అందులో మంచి ఎంతవరకు మీది, ఎంతవరకు అసలు ఎడిటర్‌ది అన్నది చూసేవాళ్లకు తెలియదు.

ఇక తీయాల్సిందేమిటన్నది మీకు ఎవరి పని కావాలన్న దాన్నిబట్టి ఉంటుంది. చిన్న వ్యాపారాలకు వీడియోలు చేయాలనుకుంటే చిన్న వ్యాపారాన్నే తీయాలి. రాజమండ్రి పక్క కుర్రాడొకడు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకునే ఇంటి వ్యాపారుల పని పట్టాలనుకున్నాడని అనుకుందాం. అతనికి దగ్గరలోనే ఆత్రేయపురం ఉంది. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక ఇంటికి వెళ్లి, ‘అమ్మా, మీరు చేసే పని ఓ పూట వీడియో తీసుకుంటానండీ, తయారయ్యాక మీకూ ఒక కాపీ ఇస్తాను, నా పని చూపించుకోడానికి కూడా వాడుకుంటాను’ అని అడిగి, ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టించుకుంటే చాలు. ఆ మెసేజ్ జాగ్రత్తగా దాచుకోవాలి. తర్వాత ఎవరైనా అడిగితే చూపడానికి ఉంటుంది.

ఫోన్ కెమెరా సరిపోతుంది. కానీ రెండు విషయాలు ముందే చూసుకోవాలి. మొదటిది లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని ఎల్ఈడీ బల్బుల కింద, ట్యూబులైట్ల కింద తీసినప్పుడు తెరమీద నల్లటి చారలు పైకీ కిందకీ పాకుతుంటాయి. షట్టర్ మార్చుకునే వీలున్న కెమెరా యాప్‌లో 1/50 గాని 1/100 గాని పెడితే చాలావరకు అవి పోతాయి. తీసేశాక ఎడిటింగ్‌లో పోగొట్టడం కష్టం. రెండోది, ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచవు. వెలుతురునుబట్టి కాస్త పెంచుతూ తగ్గిస్తూ పోతాయి. మాట విడిగా మరో ఫోన్‌లో రికార్డు చేసి ఉంటే, మొదట్లో పెదవులకు సరిగ్గా అతికిన గొంతు పది నిమిషాలయ్యేసరికి ముందుకో వెనక్కో జరిగిపోయి కనిపిస్తుంది. కొత్తవాళ్లు సాఫ్ట్‌వేర్ పాడైందనుకుంటారు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంలో `Constant Framerate` ఎంచుకుని క్లిప్పులను ముందే మార్చుకుని టైమ్‌లైన్‌లో వేస్తే ఆ బాధ తప్పుతుంది.

ఇప్పుడు ఫుటేజ్ వచ్చిందనుకుందాం. అంతా కలిపి నలభై నిమిషాలు, అందులో ఆవిడతో మాట్లాడించినది పద్నాలుగు నిమిషాలు. కావలసింది నిలువు ఫ్రేములో డెబ్భై అయిదు సెకన్ల వీడియో. చాలామంది ఇక్కడ బాగున్న షాట్లను వరసగా టైమ్‌లైన్ మీద పేరుస్తారు. అలా కాకుండా ముందు ఆ పద్నాలుగు నిమిషాలు విని, వాక్యాలన్నీ కాగితం మీద, పక్కన టైమ్ వేసి రాసుకోవాలి. మొదటి అయిదు నిమిషాలూ ఊరు, పేరు, అత్తగారి దగ్గర నేర్చుకున్న సంగతి, అవీ కెమెరాకు భయపడుతూ చెప్పినవి. పదకొండో నిమిషంలో, కెమెరా సంగతి మరిచిపోయాక, ఆవిడ పని చేస్తూనే అంటుంది: ‘చెయ్యి ఒక్క క్షణం ఆగిందంటే రేకు మందమైపోద్దండి.’ వీడియో మొదలవ్వాల్సింది ఆ వాక్యంతో.

మొదటి ఫ్రేములో మొహం అక్కర్లేదు. ముందు శబ్దం రావాలి. పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ, బోర్లించిన వేడి కుండను తాకినప్పుడు వచ్చే ‘సుయ్’ మన్న చప్పుడు. తెర ఇంకా నల్లగా ఉండగానే అర సెకను ముందు అది వినిపించి, ఆ వెంటనే కుండ మీద గుడ్డ లాగుతున్న చెయ్యి కనపడుతుంది. ఆ చేతి మీదే ఆవిడ మాట మొదలవుతుంది. మాట సగంలో ఉండగా బొమ్మ ఆవిడ మొహానికి మారుతుంది. మాటకూ బొమ్మకూ కట్ ఒకేచోట పడకుండా ఇలా ముందువెనకలుగా వేయడాన్ని ఎడిటర్లు జె కట్, ఎల్ కట్ అంటారు. చూసేవాళ్లకు ఆ పేర్లు తెలియవు, తెలియక్కర్లేదు. కట్ పడినట్టే తెలియకుండా కథ సాగిపోతున్నట్టు మాత్రం ఉంటుంది. వాక్యం అయిపోగానే ఇంకో మాటకు దూకకుండా ఒక సెకను ఖాళీ ఉంచాలి. కాగితంలా పల్చటి రేకు కుండమీంచి లేచి వచ్చే షాట్ ఆ ఖాళీలో పడుతుంది.

మొదటి రఫ్ కట్ రెండు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చిందనుకోండి. ఆశ్చర్యపోనక్కర్లేదు. రేకు లేచే షాట్లు మూడు ఉంటాయి, మూడూ అందంగా ఉంటాయి, మూడూ ఉంచాలనిపిస్తుంది. కానీ మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం రెండోసారి కలగదు. మూడోసారికి వేలు తెరమీద పైకి జరుపుతుంది. వెలుతురు బాగున్న ఒక్కటి ఉంచి రెండూ తీసేయాలి. ఆపైన నెయ్యి రాయడం, చక్కెర పొడి చల్లడం, మడత పెట్టడం. వీటికి తలా రెండు మూడు సెకన్లు సరిపోతాయి. చివర్లో డబ్బా కట్టడం, ఆర్డరు ఎలా ఇవ్వాలో చెప్పే ఒక లైను. ఇలా తీసుకుంటూ పోతే డెబ్భై అయిదు సెకన్లకు దిగుతుంది.

అది సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. మొదట సౌండ్ ఆపేసి చూడాలి. ఏం జరుగుతోందో బొమ్మల్లోనే తెలియాలి. తర్వాత కళ్లు మూసుకుని వినాలి. కొత్తవాళ్ల పని ఎక్కువగా తేలిపోయేది ఈ రెండోదాంట్లోనే. సంగీతం మాటను మింగేస్తుంది. ఒక క్లిప్పులో ఉన్న ఫ్యాన్ చప్పుడు తర్వాతి క్లిప్పులో ఉండదు కాబట్టి ప్రతి కట్ దగ్గరా గాలి ఆగి మళ్లీ మొదలైనట్టుంటుంది. నాయిస్ రిడక్షన్ మరీ గట్టిగా వేస్తే ఆవిడ బావిలోంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. మందు ఒకటే. తీసేటప్పుడే ఫ్యాన్ ఆపించుకోవాలి, వెళ్లే ముందు ఎవరూ మాట్లాడకుండా ఆ గది చప్పుడు అర నిమిషం విడిగా రికార్డు చేసుకోవాలి. కట్‌ల కింద ఆ చప్పుడు పరిస్తే అతుకులు వినపడవు. మాట స్థాయి పీకుల్లో మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉంచి, సంగీతాన్ని దానికి బాగా కింద పెట్టి, చివరికి ఫోన్ స్పీకర్లోనే వినాలి. చూసేవాళ్లలో ఎక్కువమంది వినేది అందులోనే కదా.

ఇంకో సంగతి మన భాషకు ప్రత్యేకం. తెలుగు సబ్‌టైటిల్ వేసినప్పుడు వత్తులు విడిపోవడం, గుణింతాలు పక్కకు జరగడం ఇప్పటికీ జరుగుతోంది. ప్రీమియర్ ప్రోలో ఇలా వస్తే గ్రాఫిక్స్ సెట్టింగుల్లో `South Asian and Middle Eastern` అనే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు వాడితే గొడవ చాలా తగ్గుతుంది. ఆ తర్వాత అక్షరదోషాలు చూసుకోవాలి. స్వీట్ల వ్యాపారికి కలర్ గ్రేడింగ్‌లో తేడా కనిపెట్టే కన్ను ఉండకపోవచ్చు. తన దుకాణం పేరులో దీర్ఘం ఎగిరిపోతే మాత్రం మొదటి చూపులోనే పట్టేస్తాడు.

పోర్ట్‌ఫోలియోలో రెండో వీడియో మనిషి కెమెరా వైపు చూసి మాట్లాడేది అయితే మంచిది. తెలిసిన లెక్చరరుతో తన సబ్జెక్టులోంచి ఒక పాఠం పన్నెండు నిమిషాలు చెప్పించి దాన్ని నాలుగు నిమిషాలకు తేవాలి. మాటలు తగ్గాలి, అర్థం మారకూడదు. కట్ చేసిన నాలుగు నిమిషాలనూ ఆ లెక్చరరుకే చూపించి, ‘నేను చెప్పింది ఇదేనా సార్?’ అని అడగడమే దానికి పరీక్ష. మూడోదానికి కొత్త షూటింగే అక్కర్లేదు. అదే పూతరేకుల ఫుటేజ్‌లోంచి ఇరవై సెకన్ల ప్రకటన కట్ చేయాలి. ఒకే ముడిసరుకులోంచి ఒకటి కథగా, ఇంకొకటి అమ్మకానికి పనికొచ్చేలా చేసిన మనిషికి దేన్ని ఎందుకు ఎంచుకోవాలో తెలుసన్నమాట. ఈ జంటను పక్కపక్కన చూపించడం కంటే బలమైన రుజువు కొత్త ఎడిటర్ చేతిలో మరొకటి లేదని నా నమ్మకం.

ప్రతి వీడియో కింద నాలుగు లైన్ల వివరణ ఉండాలి. పూతరేకుల దానికి ఇలా రాయొచ్చు: ‘ముడి ఫుటేజ్ నలభై నిమిషాలు, ఫోన్‌లో తీసింది. తయారైన వీడియో డెబ్భై అయిదు సెకన్లు. గదిలో మోత ఎక్కువగా ఉంటే సరిచేశాను. షూటింగ్, ఎడిటింగ్, సబ్‌టైటిల్స్ నావి. ఇది సాధన కోసం చేసింది, వ్యాపారి పెట్టుకున్న పని కాదు.’ ఆ చివరి వాక్యం దాచడానికి చాలామంది ప్రయత్నిస్తారు. దాచకూడదు. సాధన పని అని చెప్పినంతమాత్రాన ఎవరూ చిన్నచూపు చూడరు. ఫలానా కంపెనీకి చేశానని చెప్పి, ఒక ఫోన్ కాల్‌తో అబద్ధమని తేలితే మాత్రం ఆ తలుపు మూసుకుపోతుంది. స్టూడియోలో జీతానికి చేసిన పెళ్లి వీడియోల సంగతీ ఇదే. కట్ చేసింది మీరే అయినా ఫుటేజ్ మీది కాదు, అందులో మొహాలు అంతకన్నా కాదు. స్టూడియో ఓనరునూ ఆ కుటుంబాన్నీ అడిగి, ఒప్పుకుంటేనే పెట్టాలి. ఎవరైనా వేరేవాళ్లు కలర్ చేసి ఉంటే ఆ మాటా రాయాలి.

ఈ మూడూ సిద్ధమయ్యాక షోరీల్ సంగతి చూడొచ్చు. మూడు వీడియోలున్నవాడికి నలభై అయిదు సెకన్ల నుంచి నిమిషం దాకా చాలు, అంతకుమించి సాగదీస్తే సరుకు చాలదు. పేరు, చేసే పని రెండు సెకన్లలో చెప్పి ఆ వెంటనే అన్నిటికన్నా మంచి ముక్క వేయాలి. ఇది చివరికి దాచుకునే వస్తువు కాదు, చివరిదాకా చూస్తారన్న భరోసా లేదు కాబట్టి. మొత్తం పాట మీదే నడిపించకుండా మధ్యలో రెండు చోట్ల పాట తగ్గించి అసలు మాట వినిపించాలి. పూతరేకుల ఆవిడ వాక్యం ఒకటి, లెక్చరరు మాట ఒకటి. ఒకచోట ఎడిటింగ్‌కు ముందు క్లిప్పు మూడు సెకన్లు, తర్వాతది మూడు సెకన్లు, సౌండ్‌తో సహా చూపిస్తే ఆ ఆరు సెకన్లూ మిగతా రీల్ అంత పని చేస్తాయి. చివర్లో ఫోన్ నంబరు నాలుగు సెకన్లన్నా నిలబడాలి. సందేహంగా ఉన్న షాట్ ఏదైనా ఉంటే తీసేయడమే మేలు. ఇరవై మంచి షాట్ల మధ్య ఒక్క వణికిన షాట్ ఉన్నా, అది వణికిందని వీడికి తెలియలేదా అన్న అనుమానం మొదలవుతుంది.

సంగీతం సినిమా పాట వద్దు. యూట్యూబ్‌లో పెట్టగానే కంటెంట్ ఐడి దాన్ని పట్టుకుంటుంది. హక్కుదారు ఎలా పెట్టుకున్నారన్న దాన్నిబట్టి వీడియో పూర్తిగా ఆగిపోవచ్చు కూడా. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా వాడుకోదగినవి ఉన్నాయి, కొన్నిటికి మాత్రం స్వరకర్త పేరు వేయాలి. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌కు చెందిన ఎఫెక్ట్ ఏదైనా తగిలిస్తే తెరమీద వాటర్‌మార్క్ పడుతుంది. అలాంటి ముద్రతో రీల్ బయటికి పోకూడదు.

పంపే తీరులోనూ పనులు చెడిపోతుంటాయి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది కుదించి పంపుతుంది, మీరు దిద్దిన రంగులన్నీ మసకబారతాయి. గూగుల్ డ్రైవ్ లింకు ఇస్తే అవతలివాళ్లకు అనుమతి అడిగే పేజీ తెరుచుకుంటుంది, ఎందుకంటే `Anyone with the link` పెట్టడం మరిచిపోయి ఉంటారు. పనుల్లో మునిగున్న వ్యాపారి అనుమతి అడిగి ఎదురుచూడడు. యూట్యూబ్‌లో `Unlisted` గా పెట్టి, ఆ లింకును ఇంట్లో వేరేవాళ్ల ఫోన్‌లో, వైఫై ఆపేసి, తెరిచి చూశాకే పంపాలి. అన్ని లింకులూ ఒక్క పేజీలో ఉంటే చాలు. ఖర్చుపెట్టి వెబ్‌సైట్ కట్టించక్కర్లేదు.

ఎవరికి పంపాలన్నదానికి నా సలహా, వందమందికి ఒకే మెసేజ్ వేయడం కంటే పదిమంది వీడియోలు కూర్చుని చూడటం. ఒక్కొక్కరిలో ఒక ఇబ్బంది కనిపిస్తుంది. దాన్నే మర్యాదగా చెప్పాలి. ‘నమస్కారం మేడమ్. మీ గోంగూర పచ్చడి వీడియో చూశాను. పచ్చడి కలిపే చోట చాలా బాగుంది, కానీ అది రావడానికి నలభై సెకన్లు పడుతోంది. అది ముందుకొస్తే ఆగి చూసేవాళ్లు ఎక్కువవుతారని నాకనిపించింది. నేను ఇలాంటి చిన్న వ్యాపారాలకు ఎడిటింగ్ చేస్తాను. పూతరేకుల మీద చేసిన వీడియో ఇది, డెబ్భై అయిదు సెకన్లే. మీ తర్వాతి వీడియో నాతో చేయించి చూస్తారా?’ లింకు ఒక్కటే, అదీ వాళ్ల పనికి దగ్గరగా ఉన్నది. షోరీల్ వాళ్లు అడిగితే తర్వాత పంపొచ్చు.

బదులు వస్తే వచ్చే మొదటి ప్రశ్న ‘ఎంత తీసుకుంటారు?’ దీనికి జవాబు కూడా ఆ సాధన వీడియోల్లోనే ఉంది, చేసేటప్పుడు గంటలు రాసిపెట్టుకుని ఉంటే. పూతరేకుల వీడియోకు వినడం, రాసుకోవడంతో కలిపి తొమ్మిది గంటలు పట్టిందనుకోండి. గంటకు మీకు ఎంత గిట్టుబాటవుతుందో దాన్నిబట్టి మొత్తం చెప్పొచ్చు. ‘నిమిషానికి ఇంత’ అని చెప్పడం ప్రమాదం. అరగంట ఫుటేజ్‌లోంచి తీసిన నిమిషానికీ, అయిదు గంటల ఫుటేజ్‌లోంచి తీసిన నిమిషానికీ పోలికే లేదు. ధరతోపాటు మూడు సంగతులు మెసేజ్‌లోనే రాసుకోవాలి: ముడి ఫుటేజ్ ఎంతవరకు, మార్పులు ఎన్నిసార్లు, సగం అడ్వాన్స్ ఎప్పుడు. మార్పులు రెండుసార్ల వరకు ధరలోనే, ఆపైన విడిగా అని రాస్తే చాలు. అది లేకపోతే ‘ఇంకొక్క చిన్న మార్పు బాబూ’ అన్నది వారాల తరబడి సాగుతుంది. శాంపిల్ ఉచితంగా చేయమంటే ఇరవై సెకన్లకు మించకుండా, వాటర్‌మార్క్ వేసి ఇవ్వొచ్చు. మొత్తం వీడియో ఉచితంగా అడిగేవాళ్లకు మీ పోర్ట్‌ఫోలియో లింకే శాంపిల్.

ఒప్పందంలో ఇంకో వాక్యం కూడా చేర్చుకోవాలి: ‘ఈ వీడియో బయటికి వచ్చాక నా పనిగా చూపించుకోడానికి మీరు అనుమతిస్తున్నారు.’ డబ్బులు తీసుకున్న మొదటి వీడియో విడుదలైన రోజు పోర్ట్‌ఫోలియోలో లెక్చరరు వీడియో తీసేసి దాని స్థానంలో దీన్ని పెట్టాలి, కింద సాధన అన్న మాట లేకుండా. పూతరేకులది ఇంకా కొన్నాళ్లు ఉండొచ్చు.